టెస్టర్ సెల్ఫ్ అప్రైజల్: ప్రొడక్షన్ బగ్స్ తగ్గించామని లెక్కతో రాయడం ఎలా

మార్చి మూడో వారం దాటిందంటే మాదాపూర్ క్యాంటీన్లలో టీ దగ్గర ఒకటే ముచ్చట: "సెల్ఫ్ అప్రైజల్ నింపావా?" ఆ రోజుల్లో నాకొచ్చే మెసేజ్‌లు కూడా దాదాపు ఒకేలా ఉంటాయి. "అక్కా, ఈ ఏడాది మా రిలీజ్‌లలో బగ్స్ నిజంగానే తగ్గాయి. అందులో నా పని ఉంది. కానీ 'నాణ్యత పెంచాను' అని రాస్తుంటే నాకే నవ్వొస్తోంది. ఇంకేం రాయాలి?"

ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు, 2024-25కి నేను రాసుకున్న ఫారంనే మెట్టు మెట్టుగా విప్పి చూపిస్తాను. అప్పుడు మాది పేమెంట్ యాప్. రెండు వారాలకోసారి, శనివారం రాత్రి రిలీజ్. టీమ్‌లో టెస్టర్లం ఇద్దరం. ఫారం ఎటూ ఇంగ్లిష్‌లోనే నింపుతాం కాబట్టి ఇక్కడ తెలుగులో ఇచ్చిన వాక్యాలను మీరు అక్కడికి మార్చుకోండి.

మూడు సాయంత్రాలు పక్కన పెట్టుకోండి. రెండు లెక్కకి, ఒకటి రాతకి. చాలామంది దీన్ని తిరగేస్తారు: మూడు సాయంత్రాలూ వాక్యాలు చెక్కి, చివరి గంటలో ఎక్కడో ఒక అంకె పట్టుకొచ్చి అతికిస్తారు.

## 1. ఫారం తెరవక ముందే రిలీజ్‌ల జాబితా వేయండి

ఒక షీట్ తెరిచి, ఏడాదిలో వెళ్లిన ప్రతి రిలీజ్‌కీ ఒక వరుస ఇవ్వండి. తేదీ, వెర్షన్ నంబరు, అందులో వెళ్లిన స్టోరీల సంఖ్య, ఇంతే. బగ్స్ సంగతి తర్వాత.

రిలీజ్‌లే ముందు ఎందుకంటే, బగ్ రిపోర్టయిన తేదీని బట్టి లెక్కేస్తే తప్పు వస్తుంది. సెప్టెంబర్ 28న వెళ్లిన రిలీజ్‌లోని బగ్ అక్టోబర్ 9న బయటపడితే అది సెప్టెంబర్ రిలీజ్ ఖాతాలోనే పడాలి. తేదీతో లెక్కేస్తే అక్టోబర్ ఖాతాలోకి పోతుంది. మీరు పద్ధతి మార్చింది అక్టోబర్‌లోనే అయితే, పాత పాపం కొత్త పద్ధతి మెడకు చుట్టుకుంటుంది.

ఇంకో సంగతి. ఈ మధ్యే వెళ్లిన రిలీజ్‌లో బగ్స్ తక్కువగా కనిపిస్తాయి, అవి బయటపడటానికి ఇంకా టైమ్ దొరకలేదు కాబట్టి. అందుకని ప్రతి రిలీజ్‌కీ ఒకే గడువు పెట్టుకోండి. నేను 30 రోజులు పెట్టుకున్నాను. మార్చి 31కి 30 రోజులు నిండని రిలీజ్‌లు, అంటే మార్చి 15, మార్చి 29వి, లెక్కలోంచి తీసేశాను. తీసేసినట్టు ఫారంలోనూ రాశాను.

అలా నాకు తేలింది ఇది: ఏప్రిల్ 13 నుంచి సెప్టెంబర్ 28 దాకా 13 రిలీజ్‌లు, అక్టోబర్ 26 నుంచి మార్చి 1 దాకా 10. అక్టోబర్ 12 దసరా కాబట్టి ఆ శనివారం రిలీజ్ లేదు. రెండు భాగాల్లో రిలీజ్‌ల సంఖ్య వేరు కాబట్టి మొత్తం బగ్స్‌ని నేరుగా పోల్చకూడదు, రిలీజ్‌కి ఎన్ని అన్నది చూడాలి.

## 2. జిరా నుంచి బగ్స్ తీయండి, కానీ ఫిల్టర్‌ని నమ్మొద్దు

నేను మొదట రాసిన ఫిల్టర్ ఇది. చూడటానికి బాగానే ఉంటుంది.

```
project = PAY AND issuetype = Bug
AND "Found In" = Production
AND created >= "2024-04-01" AND created <= "2025-03-31"
AND resolution not in (Duplicate, "Won't Do")
```

దీంతో అక్టోబర్ తర్వాతి 10 రిలీజ్‌లకి 7 ప్రొడక్షన్ బగ్స్ వచ్చాయి. ముందు 13 రిలీజ్‌లకి 39. ఆ 7 చూసి ఒక పూట గాల్లో తేలాను. సాయంత్రం మా సపోర్ట్ టీమ్ దగ్గరున్న జాబితాతో సరిచూస్తే 11 తేలాయి. ఆ నాలుగూ ఎక్కడ పోయాయి?

మూడు బగ్స్ ఇంకా ఓపెన్‌లోనే ఉన్నాయి. ఓపెన్ బగ్‌కి resolution ఖాళీగా ఉంటుంది. జిరాలో `not in` అని రాస్తే ఖాళీగా ఉన్నవి కూడా జాబితాలోంచి జారిపోతాయి. నాలుగోది మార్చి 31 మధ్యాహ్నం రిపోర్టయింది. తేదీ ఒక్కటే ఇస్తే జిరా దాన్ని ఆ రోజు మొదలయ్యే అర్ధరాత్రిగా తీసుకుంటుంది కాబట్టి, `<= "2025-03-31"` అంటే మార్చి 31 రోజంతా బయటే. ఆ రెండు వరుసలూ ఇలా ఉండాలి:

```
AND created >= "2024-04-01" AND created < "2025-04-01"
AND (resolution is EMPTY OR resolution not in (Duplicate, "Won't Do"))
```

ఈ రెండు తప్పులూ దెబ్బకొట్టేది కొత్త ఆరు నెలలనే. పాత బగ్స్ అన్నీ ఎప్పుడో క్లోజ్ అయిపోయాయి కాబట్టి మొదటి సగంలో 39 కాస్తా 39గానే ఉంది. అంటే తప్పు ఫిల్టర్ ఎప్పుడూ మీకు అనుకూలంగానే అబద్ధం చెబుతుంది. మీ మేనేజర్ అదే ఫిల్టర్‌ని సరిగ్గా రాసి చూసుకుంటే మిగతా ఫారం మీద కూడా నమ్మకం పోతుంది.

ఇక `Cannot Reproduce` అని మూసేసిన బగ్స్. వాటిని తీసేయాలని చెయ్యి లాగుతుంది, తీయకండి. అప్పుడప్పుడు మాత్రమే వచ్చే బగ్స్‌నే అలా మూసేస్తారు, పేమెంట్లలో అసలు తలనొప్పి అవే.

మీ ప్రాజెక్ట్‌లో ఎక్కడ దొరికిన బగ్ అన్నది చెప్పే ఫీల్డ్ లేకపోతే, సపోర్ట్ టికెట్లకి లింక్ అయిన బగ్స్, హాట్‌ఫిక్స్ వెర్షన్లలో వెళ్లిన బగ్స్ కలిపి చేత్తో జాబితా చేయండి. రెండు గంటల పని.

తర్వాతి మెట్టుకి ముందు చూసుకోవాల్సినవి:

- [ ] ప్రతి బగ్‌కీ ఎదురుగా అది ఏ రిలీజ్‌ది అన్నది రాశాను
- [ ] ఓపెన్ బగ్స్ జాబితాలో ఉన్నాయి
- [ ] సపోర్ట్ టీమ్ జాబితాతో ఒకసారి సరిచూశాను
- [ ] ఏడాది మధ్యలో సివియారిటీ నిర్వచనాలు మారాయేమో అడిగాను

## 3. రెండే లెక్కలు కట్టండి

మొదటిది రిలీజ్‌కి ఎన్ని ప్రొడక్షన్ బగ్స్ అన్నది. మాకు 39ని 13తో భాగిస్తే 3. 11ని 10తో భాగిస్తే 1.1.

రెండోది డిఫెక్ట్ లీకేజ్. మొత్తం దొరికిన బగ్స్‌లో ఎన్ని శాతం మన చేయి దాటి కస్టమర్ దాకా పోయాయో అది చెబుతుంది.

```
లీకేజ్ % = ప్రొడక్షన్ బగ్స్ / (ప్రొడక్షన్ బగ్స్ + రిలీజ్‌కి ముందు దొరికినవి) × 100
```

మొదటి సగంలో ముందే దొరికినవి 221, జారినవి 39. అంటే 260లో 39, 15 శాతం. రెండో సగంలో ముందే దొరికినవి 126, జారినవి 11. 137లో 11, అంటే 8 శాతం.

లీకేజ్ ఒక్కటే రాసి ఊరుకోకండి. స్పెల్లింగ్ తప్పుల్లాంటి చిన్నాచితకా బగ్స్ ఓ యాభై ఎక్కువ వేస్తే ఈ శాతం దానంతటదే తగ్గుతుంది. అది తెలిసిన లీడ్ ముందు శాతం మాత్రమే పెడితే అనుమానం వస్తుంది. పక్కన రిలీజ్‌కి ఎన్ని అన్నది ఉంటే ఆ గొడవ ఉండదు.

టెస్ట్ కేసులు ఎన్ని రాశాను, ఎన్ని బగ్స్ వేశాను, ఎన్ని గంటలు ఉన్నాను లాంటివి పక్కన పెట్టండి. అవి పని ఎంత చేశామో చెబుతాయి, రిలీజ్ ఎలా వెళ్లిందో చెప్పవు.

## 4. మొత్తంలోంచి మీ చేతి పని విడదీయండి

నా అనుభవంలో ఫారం నిలబడేదీ పడిపోయేదీ ఈ మెట్టు దగ్గరే. 3 నుంచి 1.1కి తగ్గింది, నిజమే. కానీ నవంబర్ నుంచి మా డెవలపర్లు యూనిట్ టెస్టులు లేకుండా కోడ్ మెర్జ్ చేయకూడదని రూల్ పెట్టుకున్నారు. రిలీజ్‌కి వెళ్లే స్టోరీలు కూడా సగటున 14 నుంచి 12కి తగ్గాయి. మొత్తం తగ్గుదల నాదే అని రాస్తే మీటింగ్‌లో మొదటి ప్రశ్నకే దొరికిపోతాను.

అందుకని 39 బగ్స్‌నీ ఒక్కోటీ తెరిచి, ఎందుకొచ్చిందో రెండు మూడు మాటల్లో రాసుకున్నాను. 17 ఒకే గుంపులో పడ్డాయి: బ్యాంకు జవాబు ఆలస్యంగా రావడం.

అందులో ఒకటి దగ్గరగా చూడండి. కస్టమర్ యూపీఐతో 640 రూపాయల బిల్లు కట్టాడు. మా యాప్ బ్యాంకు జవాబు కోసం 30 సెకన్లు ఆగుతుంది. బ్యాంకు 41వ సెకనులో "డబ్బు వచ్చింది" అంది. అప్పటికే యాప్ "ఫెయిల్" అని చూపించేసింది. ఆయన మళ్లీ కట్టాడు. రెండుసార్లు డబ్బు కట్, సపోర్ట్‌కి కోపంగా ఫోన్. ఇది మాకు టెస్టింగ్‌లో ఎప్పుడూ ఎందుకు దొరకలేదంటే, స్టేజింగ్‌లో ఉన్న డమ్మీ బ్యాంకు సెకను తిరక్కుండానే జవాబిచ్చేది. అక్కడ ఆలస్యం అన్నదే లేదు, ఇక ఆలస్యం వల్ల వచ్చే బగ్ ఎలా కనిపిస్తుంది?

సెప్టెంబర్ చివర్లో బ్యాకెండ్ డెవలపర్ ఒకరిని పట్టుకుని ఆ డమ్మీ బ్యాంకుకి ఆలస్యం పెట్టే వీలు చేయించాను: ముందు 5, 35 సెకన్లు, నవంబర్‌లో 90 కూడా. దాని మీద 22 టెస్ట్ కేసులు రాశాను. "ఫెయిల్" అన్నాక "సక్సెస్" రావడం, ఒకే జవాబు రెండుసార్లు రావడం లాంటివి అన్నీ. అక్టోబర్ 26 నుంచి ప్రతి రిలీజ్‌కీ అవి నడిపాం.

ఇప్పుడు ఆ గుంపు ఒక్కదాని లెక్క చూడండి. మొదటి సగంలో ఇలాంటి బగ్స్ ముందే దొరికినవి 3, జారినవి 17. రెండో సగంలో ముందే దొరికినవి 14, జారినవి 2. లీకేజ్ 85 శాతం నుంచి 12.5 శాతానికి వచ్చింది. గమనించాల్సింది ఆ 14ని. బగ్స్ పుట్టడం ఆగలేదు, 20 ఉండేవి 16 అయ్యాయి, అంతే. రిలీజ్‌లు తక్కువ కాబట్టి ఒక్కో రిలీజ్‌కి చూస్తే దాదాపు అంతే పుట్టాయి. తేడా వచ్చింది అవి దొరికిన చోటులో. దాన్ని టెస్టింగ్ పని కాదని ఎవరూ అనలేరు.

మిగతా బగ్స్ కథ వేరు. అక్కడ ముందే దొరికినవి 218 నుంచి 112కి, జారినవి 22 నుంచి 9కి తగ్గాయి. లీకేజ్ 9.2 శాతం నుంచి 7.4కి, పెద్దగా కదల్లేదు. అంటే ఆ వైపు కోడే తక్కువ బగ్స్‌తో మా దగ్గరికి వచ్చింది. ఆ ఘనత డెవలపర్లది, కొంత చిన్న రిలీజ్‌లది. అలాగే రాశాను.

మీది పేమెంట్ యాప్ కాకపోయినా పద్ధతి ఇదే:

- [ ] జారిన ప్రతి బగ్‌కీ కారణం రాసి గుంపులు చేశాను
- [ ] నేను మార్పు చేసిన గుంపు ఏదో, ఏ రిలీజ్ నుంచో రాశాను
- [ ] ఆ గుంపులో "ముందే దొరికినవి" పెరిగాయా లేదా చూశాను
- [ ] నేను ముట్టుకోని గుంపులో ఏం జరిగిందో పక్కన పెట్టి పోల్చాను

మూడోదానికి జవాబు "లేదు" అయితే, అంటే మీ గుంపులో ముందే దొరికినవీ జారినవీ రెండూ తగ్గితే, కారణం మీ టెస్టులే అని ఖాయంగా చెప్పలేరు. స్టోరీ రాసే దశలోనే మీరు అడ్డం పడి ప్రశ్నలు అడగడం వల్ల తగ్గి ఉండొచ్చు. అలాగైతే ఆ ప్రశ్నలున్న జిరా కామెంట్లే మీ సాక్ష్యం, వాటి లింకులు ఏరుకోండి.

## 5. ఇప్పుడు రాయండి

మీ పేరా చదివేది మేనేజర్ ఒక్కరే కాదు. రేటింగ్‌లు ఖాయం చేసే మీటింగ్‌లో మీ ముఖం కూడా తెలియని వాళ్లుంటారు. మేనేజర్ అక్కడ మీ పేరా మొత్తం చదవరు, మొదటి వాక్యం చెబుతారు. కాబట్టి మొదటి వాక్యం ఒంటరిగా నిలబడాలి.

నా మొదటి డ్రాఫ్ట్ ఇలా ఉండేది:

> ఈ ఏడాది టీమ్‌తో కలిసి రిలీజ్ నాణ్యతను గణనీయంగా మెరుగుపరిచాను. రిగ్రెషన్ పద్ధతులను బలోపేతం చేసి, ప్రొడక్షన్ బగ్స్‌ను 70 శాతానికి పైగా తగ్గించడంలో కీలక పాత్ర పోషించాను.

39 నుంచి 11 అంటే 72 శాతం, అంకె అబద్ధం కాదు. కానీ 13 రిలీజ్‌లని 10తో పోల్చిన అంకె అది, పైగా డెవలపర్ల పని కూడా అందులో కలిసిపోయింది. "కీలక పాత్ర" అంటే ఏం చేశావమ్మా అని అడిగితే మళ్లీ మొదటి నుంచి చెప్పాలి.

పంపించింది ఇది:

> బ్యాంకు జవాబు ఆలస్యమైనప్పుడు వచ్చే పేమెంట్ బగ్స్ 13 రిలీజ్‌లలో 17 ప్రొడక్షన్‌కి జారగా, నేను పెట్టిన ఆలస్యం టెస్టుల తర్వాత 10 రిలీజ్‌లలో 2 జారాయి. స్టేజింగ్‌లోని డమ్మీ బ్యాంకు వెంటనే జవాబివ్వడం వల్ల ఇవి అంతకుముందు మాకు కనిపించేవి కావు. బ్యాకెండ్ టీమ్ సాయంతో దానికి 5, 35 సెకన్ల ఆలస్యం, నవంబర్‌లో 90 సెకన్లది కూడా పెట్టించి, 22 టెస్ట్ కేసులు రాసి, అక్టోబర్ 26 నుంచి ప్రతి రిలీజ్‌కీ నడిపాను. అదే కాలంలో ఇలాంటివి రిలీజ్‌కి ముందే 14 దొరికాయి (అంతకుముందు 3). మొత్తం ప్రొడక్షన్ బగ్స్ రిలీజ్‌కి 3 నుంచి 1.1కి తగ్గాయి. మిగతా తగ్గుదలలో డెవలపర్ల యూనిట్ టెస్టులు, చిన్న రిలీజ్‌ల పాత్ర ఎక్కువ. ప్రతి రిలీజ్‌కీ 30 రోజులు చూశాను. మార్చి 15, 29 రిలీజ్‌లు ఈ లెక్కలో లేవు.

వరుస చూడండి: ఫలితం, పాత పరిస్థితి, నేను చేసింది, రుజువు, హద్దు. మీ పోర్టల్‌లో అక్షరాల పరిమితి ఉంటే వెనక నుంచి కోయండి. కానీ హద్దు చెప్పే వాక్యాల్లో ఒక్కటైనా ఉంచండి.

"నేను" అని రాయడానికి మనవాళ్లకి చచ్చేంత మొహమాటం. సొంత డబ్బా అనుకుంటారని "మేము"లోకి దూరిపోతారు. అలా రాస్తే ఎవరు చేశారో మీటింగ్‌లో ఎవరికీ అర్థం కాదు. నేను పాటించే రూల్ ఒకటే: జిరాలో నా పేరు మీద ఉన్న పనికి "నేను", లేనిదానికి ఎవరిదో వాళ్ల పేరు.

## 6. మీ వల్ల జారిన ఒక బగ్‌ని మీరే రాయండి

"మెరుగుపడాల్సినవి" అనే గడిలో "సమయ పాలన", "కొత్త టూల్స్ నేర్చుకోవడం" అని రాసి తప్పించుకునేవాళ్లే ఎక్కువ. మీరు లెక్కలు చూపిస్తున్నారు కాబట్టి ఆ 11లో మీ తప్పు ఏదో మేనేజర్‌కి ముందే తెలిసి ఉంటుంది.

నాది జనవరి 18 రిలీజ్. సంక్రాంతికి సగం టీమ్ ఊళ్లకెళ్లింది. బస్సులు దొరక్క రెండో టెస్టర్ కూడా గురువారానికి తిరిగి రాలేదు. టైమ్ చాలక పాత ఆండ్రాయిడ్ ఫోన్ల మీద చూడటం వదిలేశాను. ఎవరికీ చెప్పలేదు కూడా. ఆ ఫోన్లలో కీబోర్డ్ తెరుచుకుంటే డబ్బు కట్టే బటన్ దాని కింద దాక్కుంది. సోమవారం హాట్‌ఫిక్స్ పెట్టాల్సి వచ్చింది.

ఫారంలో మూడు వాక్యాలు: ఏం వదిలేశాను, ఏమైంది, ఇప్పుడేం చేస్తున్నాను. ఇప్పుడు ఏదైనా టెస్ట్ వదిలేస్తే శుక్రవారం సాయంత్రంలోగా రిలీజ్ టికెట్‌లో "చూడనివి" అని రాసి లీడ్‌ని ట్యాగ్ చేస్తున్నాను. పండగ సంగతి కారణంగా రాయలేదు. సంక్రాంతి ఏ తేదీన వస్తుందో నాకు ముందే తెలుసు కదా.

## 7. సబ్మిట్ నొక్కే ముందు

రేటింగ్ ఎంత వేసుకోవాలన్నది మీ కంపెనీ గైడ్‌లైన్స్‌లో ఆ అంకె పక్కనున్న వాక్యాన్ని చదివి వేసుకోండి, పక్క సీటువాళ్లు ఎంత వేసుకున్నారో చూసి కాదు.

- [ ] పేరాలో ఉన్న ప్రతి అంకె షీట్‌లో ఒక గడికి వెళ్తుంది
- [ ] ఫిల్టర్ సేవ్ చేసి మేనేజర్‌కి కనిపించేలా షేర్ చేశాను
- [ ] షీట్‌లో కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు, లావాదేవీల నంబర్లు లేవు
- [ ] నేను పేరెత్తిన డెవలపర్లకి ఆ వాక్యం చూపించాను
- [ ] పేరా కాపీ ఒకటి నా దగ్గర ఉంచుకున్నాను, గడువు దాటాక కొన్ని పోర్టల్‌లు మళ్లీ చూపించవు

చివరి నుంచి రెండోది మర్యాద కోసమే కాదు. నా పేరాలో మొదట మూడు ఆలస్యాలూ అక్టోబర్ 26 నుంచే అని ఉండేది. అది చూసి బ్యాకెండ్ డెవలపర్ తప్పు దిద్దాడు: "90 సెకన్ల ఆలస్యం మొదటి రిలీజ్‌కి లేదు, నవంబర్‌లో కదా పెట్టాం." నిజమే. అక్టోబర్ 26న 5, 35 మాత్రమే ఉన్నాయి. పంపే ముందు ఆ వాక్యం మార్చాను.

మేనేజర్‌తో కూర్చున్నప్పుడు నన్ను అడిగింది ఒక్కటే: "యూనిట్ టెస్టులు పెట్టాక ఎటూ తగ్గేవి కదా?" షీట్ తెరిచి ఆ 3ని, 14ని చూపించాను. యూనిట్ టెస్టులే ఆ బగ్స్‌ని ఆపి ఉంటే ఆ 14 మా దాకా వచ్చేవే కావని చెప్పాను. ఆయన ఇంకో ప్రశ్న వేయలేదు, మిగిలిన 2 ఎందుకు జారాయో చెప్పమన్నారు. రెండూ 90 సెకన్లు దాటాక వచ్చిన జవాబులే.

ఏప్రిల్‌లో కొత్త షీట్ తెరిచి మార్చి 15, 29 రిలీజ్‌లని మొదటి రెండు వరుసలుగా వేశాను. డమ్మీ బ్యాంకుకి 300 సెకన్ల ఆలస్యం కూడా చేర్చమని టికెట్ పెట్టాను.